తాళం సంచికా, ఉత్తరానికా?

జూలై వచ్చిందంటే పాన్ కార్డు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు ఆడిటరు గారికి మెయిల్ చేసేస్తాం. జీమెయిల్‌లో వచ్చిన ఉత్తరం వివరాలు తెరిస్తే చిన్న తాళం కప్ప, పక్కన `Standard encryption (TLS)` అనే మాట కనిపిస్తాయి. అది చూసి, మనమూ ఆడిటరు గారూ తప్ప మూడో మనిషి చదవలేడని ధీమా పడతాం. తాళం అబద్ధం కాదు. అయితే అది వేసింది ఉత్తరానికి కాదు.

పాత టపా పద్ధతి తలచుకుంటే సంగతి తేలిగ్గా బోధపడుతుంది. పోస్టు చేసిన కార్డు ముక్కల్ని సంచిలో వేసి, మూతి కట్టి, లక్కతో సీలు వేసేవారు. దారిలో ఆ సంచిని ఎవరు ఎత్తుకెళ్లినా సీలు పగలగొట్టక తప్పదు. కానీ సార్టింగ్ జరిగేచోట సీలు విప్పి కార్డులన్నీ బల్ల మీద పోస్తారు, ఊళ్లవారీగా విడదీసి మరో సంచిలో వేసి కొత్త సీలు వేస్తారు. బల్ల దగ్గరున్న మనిషికి కార్డు చదవాలనిపిస్తే అడ్డేమీ లేదు. టీఎల్ఎస్ ఆ సంచి సీలు లాంటిది.

మీ ల్యాప్‌టాప్ నుంచి గూగుల్ సర్వరు దాకా ఒక సంచి. అక్కడ విప్పుతారు. గూగుల్ నుంచి ఆడిటరు గారి ఆఫీసు సర్వరుకి రెండోది. అక్కడా విప్పుతారు. ఆ సర్వరు నుంచి ఆయన ఫోనుకి మూడోది. మీ బ్రౌజరుకి తెలిసేది మొదటి సంచి గురించే.

మధ్యలో ఉన్న రెండో సంచితోనే అసలు చిక్కు. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే ఎస్ఎంటీపీ పద్ధతి 1982 నాటిది. అప్పుడు దానికి తాళమే లేదు. 1999లో తగిలించారు, అదీ ఇష్టమైతేనే వేసుకునేలా. ఇప్పటికీ ఆ సంభాషణ ఇలా మొదలవుతుంది:

```
EHLO mail.example.com
250-mail.example.net
250 STARTTLS
STARTTLS
220 Ready to start TLS
```

మూడో వరుస చూడండి. ‘నా దగ్గర తాళం ఉంది’ అని అవతలి సర్వరు చెప్పడమది. ఆ ఒక్క మాట రాకపోతే, పంపే సర్వరు మామూలుగా ఉత్తరాన్ని ఆపదు, సీలు లేకుండానే పంపేస్తుంది. పైగా ఈ మాట తాళం పడకముందు బాహాటంగా వెళ్తుంది కాబట్టి, దారిలో కూర్చున్నవాడు దాన్ని చెరిపేయగలడు. 2015లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ట్యునీషియా నుంచి జీమెయిల్‌కు వస్తున్న ఉత్తరాల్లో 96 శాతం, ఇలా ఆ మాట చెరిగిపోవడం వల్లే తాళం లేకుండా వస్తున్నాయి. మరుసటి ఏడాది నుంచి జీమెయిల్ అలాంటి ఉత్తరాలకు తెరుచుకున్న ఎర్ర తాళం చూపడం మొదలుపెట్టింది. ‘నాకు తాళం లేకుండా పంపొద్దు’ అని సర్వరు ముందే చాటుకునే ఎంటీఏ-ఎస్‌టీఎస్ అనే పద్ధతి 2018లో వచ్చింది. దాన్ని పెట్టుకోని డొమైన్లు ఇంకా చాలానే ఉన్నాయి. మీకొచ్చిన ఉత్తరం ఎలా వచ్చిందో చూడాలంటే జీమెయిల్‌లో `Show original` తెరిచి, `Received:` వరుసల్లో `version=TLS1_3` లాంటిది ఉందేమో వెతకండి.

సీళ్లన్నీ సక్రమంగా పడ్డాయనే అనుకుందాం. బల్ల మాటేమిటి? 2013లో స్నోడెన్ బయటపెట్టిన కాగితాల్లో అమెరికా నిఘా సంస్థవాళ్ల గీత బొమ్మ ఒకటుంది. గూగుల్ ముందు వాకిట్లో సర్వరు దగ్గర బాణం గుర్తు పెట్టి, తాళం వేసేదీ తీసేదీ ఇక్కడేనని రాసి, పక్కన నవ్వు ముఖం గీశారు. అప్పట్లో గూగుల్ సొంత డేటా సెంటర్ల మధ్య తీగల్లో సమాచారం విప్పినట్టుగానే పారేది. తర్వాత ఆ తీగలకూ తాళం వేశారు. సర్వరు మటుకు మీ ఉత్తరం ఇప్పటికీ చదవగలదు. చదవగలదు కాబట్టే స్పామ్ ఏరుతుంది, మీరు వెతికిన పాత ఉత్తరం క్షణంలో తీసిస్తుంది.

ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో తాళం కార్డుకే పడుతుంది. మీ యంత్రంలోనే ఉత్తరానికి తాళం వేస్తారు. తెరిచే తాళంచెవి ఆడిటరు గారి యంత్రంలో తప్ప ఎక్కడా ఉండదు. ఎన్ని బల్లల మీద పోసినా కనిపించేది అర్థంకాని అక్షరాలే. 1991లో వచ్చిన పీజీపీ చేసేది ఇదే. కానీ ఇద్దరి దగ్గరా ఆ ఏర్పాటు ఉండాలి, తాళంచెవి పోతే పాత ఉత్తరాలన్నీ పోయినట్టే. ఎవరు ఎవరికి రాశారన్నది ఎలాగూ దాగదు. మామూలు పీజీపీలో సబ్జెక్టు వరుసా దాగదు. అందుకే సబ్జెక్టులో పాన్ నంబరు రాసే అలవాటు మానుకోవాలి.

ఆడిటరు గారిచేత పీజీపీ పెట్టించడం జరిగే పని కాదు. ఆయనకు పంపే పీడీఎఫ్‌కి పాస్‌వర్డు పెట్టి, ఆ పాస్‌వర్డు ఫోనులో చెబితే చాలావరకు అదే పని జరుగుతుంది. బల్ల దగ్గరివాడికి ఫైలు దొరుకుతుంది కానీ తెరుచుకోదు. ఈ-ఆధార్‌కు పెట్టినట్టు పేరులోని మొదటి నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం మాత్రం పెట్టకండి. ఆ రెండూ అదే మెయిల్‌లో ఎక్కడో ఒకచోట రాసే ఉంటాయి.