గోదావరి వార్త ఢిల్లీకి చేరేటప్పుడు

వరదల రోజుల్లో సహాయ సంస్థల్లో పనిచేసే తెలుగువాళ్ల మీద పొద్దున్నే ఒక బాధ్యత పడుతుంది. పత్రికలో అరపేజీ వచ్చిన వార్తను, తెలుగు రాని ఢిల్లీ సహోద్యోగుల కోసం ఇంగ్లీషులో 120 మాటలకు కుదించాలి. పడవలు, మందులు ఎక్కడికి పంపాలో వాళ్లు దాన్ని చూసే తేల్చుకుంటారు.

2022 జులై నాటి భద్రాచలం వరదనే తీసుకుందాం. ఇలాంటి వార్తలు తరచూ ఉరకలెత్తే గోదావరి వర్ణనతో మొదలవుతాయి. అసలు సంగతి నాలుగో పేరాలోనో, చివర్లోనో ఉంటుంది. అందుకే ఆఖరిదాకా చదివాకే రాయడం మొదలుపెట్టాలి. మన మొదటి వాక్యం సూటిగా ఉండాలి: జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. పత్రికలోని 'నిన్న', 'శనివారం' లాంటి మాటల స్థానంలో తేదీ రావాలి.

71.3 అంటే ఎంత ప్రమాదమో ఢిల్లీలో ఉన్నవాళ్లకు తెలియదు. మూడో ప్రమాద హెచ్చరిక అంటే ఇక్కడి పాఠకుడికి చాలు. వాళ్లకు మాత్రం 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది అని చెప్పాలి. అప్పుడు నీళ్లు చివరి హెచ్చరికకు 18 అడుగులకు పైగా ఎత్తున ఉన్నాయని తెలుస్తుంది. ఈ వివరం పత్రికది కాకుండా మనం చేర్చినదైతే, ఆ సంగతి విడిగా రాయాలి.

ఎక్కువ పొరపాట్లు క్రియల దగ్గర జరుగుతాయి. 'లోతట్టు కాలనీల వారిని పునరావాస కేంద్రాలకు తరలించారు' లాంటి వాక్యం వరద వార్తలో దాదాపు తప్పదు. ఎవరు తరలించారో చెప్పకపోయినా తెలుగులో వాక్యం నిండుగానే ఉంటుంది. ఇంగ్లీషులో కర్త కావాలి గనుక చెయ్యి దానంతటదే 'ప్రభుత్వం' అని రాసేస్తుంది. తరలించింది రెవెన్యూ సిబ్బందో, ఎన్డీఆర్ఎఫ్ దళమో, ఊరి కుర్రాళ్లో పై పేరాల్లో వెతకాలి. దొరక్కపోతే కర్త లేకుండానే, జనాన్ని తరలించడం జరిగిందని రాయాలి. తరలించారు, తరలిస్తున్నారు, తరలించాలని కలెక్టర్ ఆదేశించారు - ఈ మూడూ కుదింపులో ఒకటైపోవడం ఇంకా ప్రమాదం. ఆదేశాన్ని జరిగిన పనిగా రాస్తే, అక్కడ జనం ఖాళీ అయ్యారనుకుని పడవను మరో ఊరికి పంపేస్తారు.

'తెలిసింది', 'స్థానికులు చెబుతున్నారు' అన్నవి మాటలు తగ్గించేటప్పుడు ముందుగా ఎగిరిపోతాయి. వాటిని ఉంచి, కావాలంటే వర్ణన తీసేయండి. లక్షల లెక్క అలవాటు లేని విదేశీ సహోద్యోగులుంటే 24 లక్షల క్యూసెక్కులను 2.4 మిలియన్లని రాసి, సున్నాలు మరోసారి సరిచూడాలి.

పంపేముందు సారాంశంలోని ప్రతి అంకె మీదా వేలు పెట్టి, అది మూలంలో ఎక్కడుందో చూసుకోవాలి. చివర వార్త చెప్పనిదేమిటో ఒక వాక్యం రాయాలి: ఏ కాలనీలకు తాగునీరు అందిందో ఇందులో లేదు. ఢిల్లీవాళ్లు జిల్లా కార్యాలయానికి ఫోన్ చేసి మొదట అడగాల్సింది అదే.