ఊపిరిని నిలబెట్టే నీటిసీసా

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కాసేపటికే డొక్కలెగరేస్తుంది. ముక్కుపుటాలు అదురుతాయి. ఊపిరి వదిలిన ప్రతిసారీ సన్నగా మూలుగుతుంది. చూసేవాళ్లకు వెంటనే తట్టేవి రెండే: ఆక్సిజన్ పెట్టాలి, లేదా బిడ్డ బదులు ఊపిరి ఆడించే పెద్ద యంత్రం మీద ఉంచాలి. ఈ బిడ్డల్లో చాలామందికి ఆ రెండింటికన్నా ముందు కావలసింది మరొకటి ఉందని బబుల్ సీపాప్ అనే చిన్న సాధనం చరిత్ర చెబుతుంది. ఊపిరి వదిలాక ఊపిరితిత్తులు పూర్తిగా మూతపడిపోకుండా ఎవరో ఒకరు పట్టి ఉంచాలి. ఏ సాయం ఎంచుకోవాలన్న నిర్ణయమంతా దీని చుట్టూనే తిరగాలి.

ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగదుల లోపలి గోడలకు ఎప్పుడూ పల్చని తేమ అంటుకుని ఉంటుంది. నీటికి తలతన్యత ఎక్కువ కాబట్టి ఆ తేమ గదిని లోపలికి లాగుతూ ఉంటుంది. గది చిన్నదయ్యేకొద్దీ ఆ లాగుడు మరింత బలపడుతుంది. దీన్ని అదుపులో పెట్టేదే సర్ఫాక్టెంట్ అనే కొవ్వు పదార్థం. గర్భంలో సుమారు 24వ వారం నుంచి దాని తయారీ మొదలైనా, బిడ్డకు సరిపడా సమకూరేది 34, 35 వారాలకే. అది చాలని బిడ్డలో వదిలిన ప్రతి ఊపిరితోనూ గాలిగదులు తడిసిన పాలిథిన్ సంచి గోడల్లా అతుక్కుపోతాయి. మళ్లీ తెరవాలంటే ప్రతి ఊపిరీ మొదటి ఊపిరంత కష్టం. ఈ జబ్బుతో చనిపోయిన శిశువుల ఊపిరితిత్తుల నుంచి తీసిన ద్రవం తలతన్యతను తగినంత తగ్గించలేకపోతోందని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ చూపించారు. కారణం తెలిసింది గానీ వైద్యం అప్పటికింకా దొరకలేదు.

ఆ లోటు ఎంత దారుణమో 1963 ఆగస్టులో లోకమంతా చూసింది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ప్యాట్రిక్ ఐదున్నర వారాలు ముందుగా, రెండు కిలోలకు కాస్త పైబడిన బరువుతో పుట్టాడు. అధిక పీడనంతో ఆక్సిజన్ నింపిన గదిలో పెట్టినా 39 గంటలకే చనిపోయాడు. ఆ గదిలో పీడనం శరీరం బయటా ఊపిరితిత్తుల లోపలా ఒకటే. అందువల్ల అది రక్తంలోకి ఆక్సిజన్‌ను నెట్టగలదు గానీ మూతపడిన గాలిగదిని తెరిచి ఉంచలేదు. దారి చూపింది బిడ్డల మూలుగే. 1968లో కేప్‌టౌన్ వైద్యులు ఒక విషయం గమనించారు. గొంతులోంచి గొట్టం వేస్తే బిడ్డ మూలగలేదు, అప్పుడు రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. గొట్టం తీయగానే మళ్లీ పెరుగుతుంది. అంటే బిడ్డ స్వరపేటికను సగం మూసి, వదిలే గాలికి అడ్డుకట్ట వేసి, తన ఊపిరితిత్తుల్లో పీడనాన్ని తానే నిలుపుకుంటోందన్నమాట. ఆ పనిని బయటి నుంచి చేసి చూపినవాడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని జార్జ్ గ్రెగరీ. ఊపిరి బిడ్డే తీసుకుంటుంది, వదిలే వైపు పీడనాన్ని మాత్రం సున్నాకు పడనివ్వరు. 1971లో ఆయన బృందం ప్రకటించిన 20 మంది బిడ్డల్లో 16 మంది బతికారు.

ఈ పద్ధతిని సులువు చేసిన ఘనత న్యూయార్క్‌లోని కొలంబియా ఆసుపత్రి వైద్యుడు జెన్-టియెన్ వుంగ్‌ది. బిడ్డ ముక్కురంధ్రాల్లో రెండు పొట్టి మెత్తని గొట్టాలు పెడతారు. వెచ్చజేసి తేమ కలిపిన గాలి, ఆక్సిజన్ ఒక పైపులో వస్తాయి. రెండో పైపు చివర నీటిసీసాలో మునిగి ఉంటుంది. ఎన్ని సెంటీమీటర్ల లోతున మునిగితే దాదాపు అంత నీటి పీడనం బిడ్డ ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. సీసాలో బుడగలు ఆగిపోయాయంటే ఎక్కడో గాలి కారుతోందని, లేదా ప్రవాహం చాలడం లేదని అర్థం. బుడగలు వస్తున్నంత మాత్రాన అంతా బాగున్నట్టూ కాదు. ముక్కు గొట్టాలు సరిపోయాయా, ముక్కు మధ్య గోడ ఒరుసుకుపోతోందా, పొట్ట గాలితో ఉబ్బుతోందా అని నర్సు గంటగంటకూ చూస్తూనే ఉండాలి.

ఉదాహరణకు 29 వారాలకు 1100 గ్రాములతో పుట్టిన బిడ్డను ఊహించుకుందాం. బిడ్డ తనంతట తానే ఊపిరి తీస్తోంది, కానీ మూలుగుతోంది. ప్రసవ గదిలోనే 6 సెంటీమీటర్ల పీడనంతో సీపాప్ మొదలుపెడతారు. రక్తంలో ఆక్సిజన్ 90 నుంచి 94 శాతం మధ్య ఉండేలా, లోపలికి పంపే ఆక్సిజన్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. మొదట 25 శాతం సరిపోయింది. రెండు గంటలకు 35 శాతం ఇస్తే గానీ నిలవడం లేదు. ఈ అంకె పెరగడమే గాలిగదులు మూసుకుపోతున్నాయన్న ఆనవాలు. ఐరోపా మార్గదర్శకాలు ఇక్కడ 30 శాతం దగ్గర గీత గీశాయి. అది దాటితే పంది ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను కిలోకు 200 మిల్లీగ్రాముల చొప్పున, అంటే ఈ బిడ్డకు 220 మిల్లీగ్రాములు ఇస్తారు. మందు రెండు మూడు మిల్లీలీటర్లే. సీపాప్ తీయకుండానే సన్నని క్యాథెటర్‌తో శ్వాసనాళంలోకి వదులుతారు. మందు పనిచేస్తే ఆక్సిజన్ అవసరం త్వరలోనే దిగివస్తుంది. అలా కాక బిడ్డ మాటిమాటికీ ఊపిరి ఆపేస్తున్నా, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఆమ్లత ఎక్కువవుతున్నా, అప్పుడు వెంటిలేటర్ తప్పదు.

లోపించింది సర్ఫాక్టెంటే అయినప్పుడు పుట్టగానే అందరికీ గొట్టం వేసి ఇచ్చేయొచ్చు కదా అని అడగొచ్చు. 1980లో జపాన్‌లో ఫుజివారా పది మంది బిడ్డలకు దాన్ని ఇచ్చి చూపాక చాలాకాలం వైద్యులు అటే మొగ్గారు. కానీ గొట్టం వేశాక యంత్రం నెట్టే గాలి ఆ లేత ఊపిరితిత్తులను సాగదీసి గాయపరుస్తుంది. 24 నుంచి 27 వారాలకు పుట్టిన 1316 మందితో 2010లో వెలువడిన అమెరికా ప్రయోగంలో, సీపాప్‌తో మొదలైన బిడ్డలు పుట్టగానే సర్ఫాక్టెంట్ పొందినవారికి తీసిపోలేదు. ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, సీపాప్‌తో మొదలుపెట్టిన ప్రతి 25 మందిలో ఒకరు అదనంగా దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు లేకుండా బతికారు. లాభం చిన్నదే, కానీ నిజమైనది.

దీనికన్నా గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. 2008లో వెలువడిన, 610 మంది బిడ్డలతో జరిగిన ప్రయోగంలో సీపాప్ వర్గంలో 9 శాతం మందికి ఊపిరితిత్తి చిట్లి ఛాతీలోకి గాలి చేరింది. గొట్టం వేసినవారిలో అది 3 శాతమే. దీన్ని తోసిపుచ్చలేం. అయితే అక్కడ పీడనం 8 సెంటీమీటర్లతో మొదలైంది. గొట్టం వేయడానికి పెట్టుకున్న హద్దు 60 శాతం ఆక్సిజన్. అంతదాకా ఆగితే గాలిగదులు కొన్ని మూతపడి, తెరుచుకున్న కొద్దిపాటివాటి మీదే భారమంతా పడుతుంది. కాబట్టి ఆ ప్రయోగం సీపాప్‌ను వద్దనమని చెప్పడం లేదు, సీపాప్ మీద ఉంచి చూస్తూ కూర్చోవద్దని చెబుతోంది. 30 శాతం గీత విలువ అక్కడే తెలుస్తుంది.

అందుకే బిడ్డను వెంటిలేటర్ మీద పెట్టలేదంటే చిన్న వైద్యంతో సరిపెట్టారని తల్లిదండ్రులు అనుకోకూడదు. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: ఆక్సిజన్ ఎంత శాతం అవసరమవుతోంది, అది పెరుగుతోందా, ఇక్కడ సర్ఫాక్టెంట్ ఉందా? వీటన్నిటికన్నా ముందు చేయగలిగిందీ ఒకటుంది. తల్లికి స్టెరాయిడ్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని న్యూజిలాండ్‌లో లిగిన్స్, హౌవీ 1972లోనే నిరూపించారు. మన దేశంలో డెక్సామెథాసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటిగా నాలుగు ఇంజెక్షన్లు ఇస్తారు. 34 వారాలు నిండకముందే నొప్పులు వస్తే, ఇంటి దగ్గర ఆగి చూడకుండా వెంటనే ఆసుపత్రికి చేరండి. ఆ మందు పనిచేయడానికి కావలసిన వ్యవధి దానికి దొరకాలి.