కొలిమి గోడ రంగు, సూర్యుడి రంగు

ఉక్కును కాల్చే కొలిమి తలుపు తెరవగానే లోపలి గోడ నారింజ రంగులో ధగధగలాడుతుంది. నిజానికి ఆ గోడ వెదజల్లే శక్తిలో కంటికి కనిపించేది చాలా తక్కువ.

వేడి వస్తువు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర అత్యధికంగా ప్రసరిస్తుందో చెప్పే సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ వీన్ 1893లో కనుగొన్నాడు. 2898ని కెల్విన్లలోని ఉష్ణోగ్రతతో భాగిస్తే ఆ శిఖరం ఎక్కడుందో మైక్రాన్లలో తెలుస్తుంది.

గోడ వేడి 1227 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. 273 కలిపితే 1500 కెల్విన్లు, శిఖరం 1.93 మైక్రాన్ల దగ్గర. మన కన్ను దాదాపు 0.7 మైక్రాన్ల దాకానే చూడగలదు. అంటే శిఖరం పరారుణంలో ఉంది. నారింజ రంగు దాని అంచు మాత్రమే. చెంపలకు తగిలే సెగలో ఎక్కువ భాగం కనిపించని ఆ కాంతిదే.

సూర్యుడి విషయంలో లెక్క తిరగేయాలి. అక్కడికి థర్మామీటర్ పంపలేం కదా! సూర్యకాంతి శిఖరం సుమారు 0.5 మైక్రాన్లు, ఆకుపచ్చ ప్రాంతంలో. 2898ని 0.5తో భాగిస్తే దాదాపు 5800 కెల్విన్లు. అది సూర్యుడి ఉపరితలం వేడి; లోపలి కేంద్రం గురించి ఈ శిఖరం నేరుగా ఏమీ చెప్పదు. మరి సూర్యుడు ఆకుపచ్చగా ఎందుకు కనబడడు? మిగతా రంగులూ దండిగా కలిసి తెల్లగా తోస్తాయి.

కొలిమి దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. గోడకూ పరికరానికీ మధ్య మంట అడ్డొస్తే, దాని కాంతి కూడా కలిసి కొలత తప్పుతుంది.