మోడల్ ఒకటే, ముచ్చట్లు వేరు

2023 మార్చిలో చాట్‌జీపీటీ ప్లస్ చందాదారులకూ, మైక్రోసాఫ్ట్ బింగ్ చాట్‌కూ వెనకాల ఉన్నది జీపీటీ-4 మోడలే. అయినా ఒకచోట చెప్పిన మాట రెండోచోటికి చేరలేదు.

"మా పాపకు పల్లీలు పడవు" అని ఒక యాప్‌లో రాశారనుకోండి. ఆ మాట మోడల్‌లోకి ఇంకిపోదు. శిక్షణ పూర్తయ్యాక మోడల్‌లోని అంకెలు స్థిరపడిపోతాయి. మన చాటింగ్ వాటిలో ఒక్కదాన్నీ కదిలించదు. మాటను దాచేది యాప్ సర్వర్, మీ ఖాతా కింద. తర్వాత "ఇడ్లీలోకి ఏ చట్నీ చేయను?" అని అడిగితే, యాప్ పాత మాటలను వరసగా పేర్చి, కొత్త ప్రశ్నను చివర తగిలించి పంపుతుంది. మోడల్ ఆ కట్టంతా అప్పటికప్పుడు చదివి కొబ్బరి చట్నీ చెబుతుంది. పదో ప్రశ్న వేసినప్పుడు ముందరి తొమ్మిదీ, వాటి జవాబులూ మళ్లీ వెళ్తాయి. సంభాషణ మరీ పొడవైతే మొదటి మాటలు ఆ కట్టలో పట్టకపోవచ్చు. అప్పుడు పల్లీల సంగతి అదే యాప్‌లోనూ మరుగున పడుతుంది.

రెండో యాప్ కట్టే కట్టలో పాప ఊసే ఉండదు. అదే మోడల్ అక్కడ పల్లీ చట్నీ చెప్పేయగలదు. ఇలాంటి విషయం అక్కడ మళ్లీ చెప్పి తీరాలి.

కొన్ని యాప్‌లలో ఉండే 'మెమరీ' కూడా ఇంతే: యాప్ రాసుకున్న నోట్‌ను ప్రశ్నతోపాటు పంపుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని, పాత చాట్‌నూ తుడిచేసి కొత్త చాట్‌లో అడిగితే పాప సంగతి మోడల్‌కు తెలియదు.

మీ చాట్‌లను రాబోయే మోడళ్ల శిక్షణకు వాడతారా అన్నది వేరే సంగతి. దానికి సెట్టింగ్స్‌లో విడిగా మీట ఉందేమో చూసుకోండి.