నల్లులు కుట్టాయన్న అతిథికి పక్క గది ఇస్తే సరిపోతుందా?

అపోహ: గది మార్చి, పాత గదిలో మందు కొట్టిస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: లాడ్జిలో దిగిన అతిథి నల్లులు కుట్టాయని చెప్పగానే పక్క గది తాళం చేతికిచ్చి, ఖాళీ అయిన గదిలో మందు చల్లించి, సాయంత్రానికి దాన్ని మరొకరికి ఇచ్చేయడం చాలాచోట్ల మామూలైపోయింది. ఒక గదిలోని నల్లులు అంతస్తంతా పాకడానికి, అతిథుల పెట్టెల్లో వాళ్ల ఇళ్లకు చేరడానికి ఈ అలవాటు ఒక్కటి చాలు.

నల్లి పేనులా ఒంటిని పట్టుకుని ఉండదు. రాత్రి వచ్చి ఐదు పది నిమిషాలు రక్తం తాగి మళ్లీ సందులో దూరుతుంది. పరుపు అంచు కుట్టు, మంచం తలవైపు చెక్క వెనుక, ప్లైవుడ్ అతుకులు, స్విచ్ బోర్డు, తెర మడతలు దాని నివాసాలు. పెరిగిన నల్లి సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆకలి మీద కాగితంలా పలచగా ఉంటుంది కాబట్టి సూట్‌కేసు జిప్పు వెంట ఉన్న సందు కూడా దానికి సరిపోతుంది. గోడలో వైర్లు, పైపులు వెళ్లే రంధ్రాల గుండా పక్క గదికీ పోగలదు. అందువల్ల పక్క గదిలో అప్పటికే నల్లులు ఉండవచ్చు. లేకపోతే అతిథి సంచితో పాటే అక్కడికి చేరవచ్చు.

ఒక్కసారి మందు కొట్టడం కూడా ఇంతే. చాలా మందులు గుడ్లను చంపలేవు. మన ఎండల్లో గుడ్డు వారం పది రోజుల్లో పిల్ల అవుతుంది. అంగళ్లలో దొరికే స్ప్రేలలో సాధారణంగా ఉండే పైరెథ్రాయిడ్ మందులకు నల్లులు చాలా ప్రాంతాల్లో అలవాటు పడిపోయాయి. పొగలా వ్యాపించే మందు సందుల లోపలికి చేరదు. పైగా బతికిన నల్లులు చెదిరి కొత్త చోట్లకు పోతాయి.

సరైన పద్ధతి ఎలా ఉంటుందో చూడాలంటే మూడంతస్తుల లాడ్జిలో 204వ గదిని తీసుకోవచ్చు. ఉదయం ఆరు గంటలకు అందులోని అతిథి చేతిమీద దద్దుర్లు చూపించారు. మేనేజరు ఇవ్వవలసిన జవాబు ఇలా ఉండాలి: “మీకు ఇబ్బంది కలిగినందుకు క్షమించండి సార్. వేరే అంతస్తులో ఒక గది పరుపు విప్పి చూసి, శుభ్రంగా ఉందని తేలాకే మీకిస్తాం. మీ బట్టలు మా ఖర్చుతో వేడినీళ్లలో ఉతికించి, బాగా ఆరబెట్టించి తెస్తాం. రాత్రి గది అద్దె తీసుకోం. 204ను ఇప్పుడే మూసేసి చూస్తున్నాం. ఏం తేలిందో సాయంత్రంలోగా చెబుతాం.”

ఇందులో నల్లులు ఉన్నాయని గానీ లేవని గానీ అనలేదు. కారణం స్పష్టమే: దద్దురు చూసి ఏ పురుగు కుట్టిందో వైద్యుడు కూడా కచ్చితంగా చెప్పలేడు. గది చూడకుండా “దోమలేమో” అనడం మాత్రం అతిథి మాటను కొట్టిపారేయడమే. వాపు ఎక్కువైనా, చీము పట్టినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పంపాలి. రిసెప్షన్‌లో మాత్రలు ఇవ్వకూడదు.

204కు అటూ ఇటూ ఉన్న 203, 205, పైనున్న 304, కిందున్న 104, ఎదుటి గది వీటిలో ఏదీ ఇవ్వకూడదు. మూడో అంతస్తు చివర 312 ఖాళీగా ఉంటే, టార్చి వేసి పరుపు అంచులు చూశాక అది ఇవ్వవచ్చు. సామాను 204లోనే పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి మూతి కట్టి తరలించాలి. బట్టలను 60 డిగ్రీల నీటిలో ఉతికి, ఆరబెట్టే యంత్రంలో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పితే నల్లులు, గుడ్లు రెండూ చస్తాయి. ఉతకడానికి వీల్లేని పెట్టె కుట్లు, జేబులు టార్చి వేసి చూడాలి. 204లోని దుప్పట్లు, గలీబులు వరండాలో దులపడం పెద్ద తప్పు. వాటినీ గదిలోనే సంచిలో కట్టి లాండ్రీకి పంపాలి.

తర్వాత గది వెతకాలి. పరుపు కుట్టు వెంట నల్లటి చుక్కలు కనిపిస్తే తడిగుడ్డతో అద్దాలి. గోధుమరంగు మరకలా పాకితే అది నల్లి రెట్టే. విడిచిన పొరలు, సందుల్లో అంటుకున్న ఒక మిల్లీమీటరు తెల్లటి గుడ్లు కూడా దొరకవచ్చు. బతికున్న నల్లిని పారదర్శకమైన టేపుతో పట్టి ఉంచితే పెస్ట్ కంట్రోల్ వాళ్లకు చూపించవచ్చు. ఆ రోజే చుట్టూ ఉన్న గదులన్నీ ఇలాగే చూడాలి.

అపోహ: నల్లుల్ని అతిథే తెచ్చాడు.

వాస్తవం: ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. నల్లులు లాడ్జిలో వాటంతట అవి పుట్టవు. ఎవరో ఒకరి సామానుతోనే వస్తాయి. కానీ ముందురోజు రాత్రే దిగిన అతిథి గదిలో పొరలు, గుడ్లు, వందల చుక్కలు కనిపిస్తే అవి ఆయన తెచ్చినవి కావు. పిల్ల నల్లి ఐదుసార్లు పొర విడిస్తేగాని పెద్దది కాదు, దానికి వారాలు పడుతుంది. ఎవరు తెచ్చారన్న వాదన వల్ల గదిలో ఒక్క నల్లి కూడా తగ్గదు.

మురికి గదుల్లోనే నల్లులుంటాయన్నది తప్పు. వాటికి కావలసింది రక్తం, దాక్కోవడానికి సందు. ఒకే మంచం మీద పడుకున్న భార్యకు దద్దుర్లు లేవు కాబట్టి భర్తను నల్లి కుట్టలేదన్నదీ తప్పే. కొందరి చర్మం మీద గుర్తే రాదు, కొందరికి రెండు వారాల దాకా ఆలస్యంగా వస్తుంది. నల్లి కాటుతో మనుషులకు రోగాలు అంటుతాయని రుజువు కాలేదు. దురద, నిద్రలేమి, గోకిన చోట పుండు పడడం మాత్రం నిజం. పరుపును ఎండలో వేస్తే లోపలి దాకా వేడెక్కదు. కిరోసిన్ పోస్తే నిప్పు అంటుకునే ప్రమాదం మిగులుతుంది.

ధాన్యం నిల్వల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల్ని గదిలో పెట్టడం అన్నిటికంటే ప్రమాదకరం. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు గోడ సందుల గుండా పక్క గదిలో నిద్రపోతున్న వారి ప్రాణం తీయగలదు. ఎంత విసిగినా ఆ పని చేయకూడదు.

అతిథికి సాయంత్రంలోగా ఫలితం చెప్పడం మొదటి బాధ్యత. నల్లులు దొరికితే ఇంటికి వెళ్లాక పెట్టెను పడకగదిలో పెట్టవద్దనీ, బట్టలు మళ్లీ వేడినీళ్లలో ఉతకమనీ చెప్పాలి. మూడు రోజులకు ఒకసారి, రెండు వారాలకు మరోసారి ఫోన్ చేసి అడగాలి. ఆలస్యంగా వచ్చే దద్దుర్లు, ఇంట్లో కనిపించే నల్లులు అప్పుడే బయటపడతాయి.

204లో శిక్షణ ఉన్నవాళ్లు ఆవిరి, మందు కలిపి వాడాలి. మిగిలిన గుడ్లు పిల్లలయ్యే సమయానికి, అంటే 10 నుంచి 14 రోజుల మధ్య, రెండోసారి చేయాలి. మంచం కోళ్ల కింద నల్లులు జారిపడే గిన్నెలు పెట్టాలి. ఫిర్యాదు తేదీ, దొరికిన ఆనవాళ్లు, చూసిన గదులు, మందు పేరు, రెండుసార్లు మందు కొట్టిన తేదీలు రిజిస్టర్‌లో రాయాలి. ఒక వెతుకులాటలో ఏమీ దొరకనంత మాత్రాన గది ఇవ్వకూడదు. రెండోసారి మందు కొట్టాక, కొన్ని రోజుల ఎడంతో వరుసగా రెండుసార్లు వెతికినా నల్లి గానీ కొత్త చుక్క గానీ కనిపించకపోతే 204ను మళ్లీ తెరవవచ్చు.