రూపాయి ట్రయల్ క్లాసులో ఏం చూడాలి?

'రూపాయికే ట్రయల్ క్లాస్! ఉద్యోగినులకు స్పెషల్ మెంబర్‌షిప్!' ఫోన్ తెరిస్తే రోజూ ఇలాంటి ప్రకటన ఒకటైనా కంటపడుతుంది కదా! నేనూ ఆన్‌లైన్‌లోనే యోగా నేర్పిస్తాను. ఉద్యోగం చేసే ఆడవాళ్ల కోసం పొద్దున అయిదున్నరకి ఒక బ్యాచ్, రాత్రి ఎనిమిదిన్నరకి ఇంకో బ్యాచ్. ట్రయల్ క్లాస్ నేనూ ఇస్తాను. అందుకే అమ్మేవాళ్ల వైపు నుంచే చెబుతున్నా, ఆ గంటలో మీరు ఏం గమనించాలో.

మొదట, క్లాసు మొదలయ్యేలోపు మీ ఆరోగ్యం గురించి ఎవరైనా అడిగారా? బీపీ, నడుం నొప్పి, మెడ నొప్పి, ఆపరేషన్లు, గర్భం... ఈ ప్రశ్నలు లేకుండా నేరుగా ఆసనాల్లోకి దింపేస్తే ఆలోచించాల్సిందే. నా దగ్గరికి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగిని సంగతే చూడండి. రోజంతా కుర్చీలో కూర్చునే పని. నడుంలో డిస్క్ సమస్య ఉందని డాక్టర్ అంతకుముందే చెప్పారు. వేరేచోట వందమందితో నడిచే ట్రయల్ క్లాసులో చేరితే, తన గురించి ఎవరూ అడగలేదట. పశ్చిమోత్తానాసనంలో 'ముక్కు మోకాలికి తగలాలి' అంటుంటే బలవంతంగా వంగింది. పిరుదు నుంచి పిక్క దాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగేసింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ముందుకి వంగినప్పుడు తొడ వెనక కండరం మెల్లగా సాగినట్టు అనిపిస్తే మామూలే. నడుం నుంచి మోకాలి కిందికి జివ్వుమని పాకినా, కాలు తిమ్మిరెక్కినా అది నరం చెబుతున్న మాట. వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించుకోవాలి. ఆమె డాక్టర్ సరే అన్నాకే మేం మొదలుపెట్టాం. వీపు గుండ్రంగా వంచే ఆసనాలు పక్కన పెట్టాం. నొప్పి రానంత వరకే లేస్తూ భుజంగాసనం, కుర్చీ పట్టుకుని నిలబడి చేసేవి కొన్ని. ఆమెకి అంతే సరిపోయింది.

రెండోది, టీచర్‌కి మీరు కనిపిస్తున్నారా? ఫోన్ మీ ముఖం ముందు పెడితే నాకు కనిపించేది మీ నుదురే. మ్యాట్‌కి పక్కవైపు, ఆరేడు అడుగుల దూరంలో, స్టూలు మీద అడ్డంగా పెట్టండి. నిలబడినా, పడుకున్నా ఒళ్లంతా ఫ్రేములో ఉండాలి. ఇప్పుడు చిన్న పరీక్ష. తాడాసనంలో రెండు చేతులూ పైకెత్తమన్నప్పుడు కావాలనే ఒక్కటే ఎత్తి ఆగండి. మీ పేరు పిలిచి సరిచేస్తే అది క్లాసు. ఎవరూ పట్టించుకోకపోతే మీరు కొంటున్నది వీడియో. వీడియోకి వీడియో ధరే ఇవ్వాలి కదా!

ఇక డబ్బుల సంగతి. ఉదాహరణకి నెలకి 1,500, ఏడాదికి 9,600 రూపాయలు అనుకుందాం. నెలకి 20 క్లాసులు. ఏడాది ప్లాన్‌లో క్లాసు 40 రూపాయలకే వస్తోందని ప్రకటన ఊరిస్తుంది. కానీ పిల్లల పరీక్షలు, ఆఫీసులో నెలాఖరు పని, ఊరి ప్రయాణాలు ఉంటాయిగా! నెలకి 12 క్లాసుల చొప్పున మూడు నెలలు వెళ్లి మానేస్తే, మీరు చేసినవి 36. అంటే ఒక్కో క్లాసుకి దాదాపు 267 రూపాయలు పడ్డట్టు. అదే మూడు నెలలూ నెలవారీ కట్టి ఉంటే 4,500, అంటే క్లాసుకి 125. కాబట్టి మొదటి నెల నెలవారీగానే కట్టి, ఎన్నింటికి వెళ్లారో క్యాలెండర్‌లో టిక్ పెట్టుకోండి. ఆ లెక్క చూశాకే పెద్ద ప్లాన్ జోలికి వెళ్లండి.

టైమింగ్ కూడా ట్రయల్‌లోనే తేల్చుకోవాలి. రాత్రి బ్యాచ్ కావాలంటే భోజనం క్లాసు తర్వాతే. సాయంత్రం ఆరింటికి ఒక అరటిపండో, గుప్పెడు మరమరాలో చాలు. అత్తగారింట్లో అందరూ ఎనిమిదిన్నరకి భోజనానికి కూర్చునేట్టయితే ఆ బ్యాచ్ మీకు కుదరదు, పొద్దున్నదే చూసుకోండి.

చివరగా ఆ రూపాయి. అది కట్టేటప్పుడు స్క్రీన్ మీద 'ఆటోపే' అని ఉందేమో చూడండి. ఉంటే ట్రయల్ అయ్యాక పూర్తి ఫీజు దానంతటదే కట్ అవుతుంది. వాళ్ల యాప్ డిలీట్ చేసినా ఇది ఆగదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి, ఆ పేరు మీదున్న మాండేట్‌ని రద్దు చేయాలి. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలనేది రిజర్వ్ బ్యాంక్ నియమం. ఆ మెసేజ్‌ని చూడకుండా స్వైప్ చేసేయకండి. రద్దు చేసినా డబ్బు లాగేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు.