17 రూపాయల 70 పైసలు ఎక్కడికి పోయాయి?

మనం తీయని డబ్బు ఖాతాలోంచి పోయినట్టు స్టేట్‌మెంట్‌లో కనబడితే ముందుగా చూడాల్సింది పైసల వైపు. 17.70, 23.60, 236, 295... ఇలాంటి మొత్తాలు చాలావరకు బ్యాంకే కోసుకున్న ఛార్జీలు. బ్యాంకు సేవల ఛార్జీల మీద 2017 జులై నుంచి 18 శాతం జీఎస్‌టీ పడుతోంది. ఛార్జీ మాత్రం బ్యాంకులు గుండు అంకెలోనే పెడతాయి. పదిహేను, ఇరవై, రెండు వందలు, అలా. దానికి పన్ను కలిసేసరికి మనకు తెలియని వింత అంకె అయిపోతుంది.

కాబట్టి వెనక్కి లెక్క కట్టాలి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి, పోయిన మొత్తాన్ని 1.18తో భాగించండి. 17.70ని భాగిస్తే సరిగ్గా 15 వస్తుంది. చాలా బ్యాంకుల్లో ఇది మూడు నెలలకోసారి పడే ఎస్ఎంఎస్ ఛార్జీ. 236ని భాగిస్తే 200. అది డెబిట్ కార్డు ఏడాది రుసుము కావచ్చు. 295 అయితే 250. ఖాతాలో సరిపడా డబ్బు లేక ఈఎంఐ వెనక్కి వెళ్లినప్పుడు తరచూ కనబడే అంకె ఇది. భాగిస్తే గుండు అంకె వచ్చిందంటే బ్యాంకు ఛార్జీ అని తొంభై పాళ్లు అనుకోవచ్చు. మిగతా పది పాళ్ల కోసం పక్కనున్న వివరం చదవాలి. ఎందుకంటే 59 రూపాయలకు మీరే యూపీఐలో ఏదో కొని ఉంటే, దాన్ని భాగించినా గుండుగా 50 వస్తుంది.

మా పెద్దమ్మ పింఛను ఖాతా స్టేట్‌మెంట్ ఇలాగే చూడాల్సి వచ్చింది. ఆమెది గుంటూరు వైపు చిన్న ఊరు. “నేను తియ్యని డబ్బులు ఎవరు తీస్తన్నార్రా?” అని ఆమె అడిగింది. ఏడాది స్టేట్‌మెంట్ తీయించి చూస్తే, ఆమె తీయకుండా పోయింది మొత్తం 610 రూపాయలు. అందులో 17.70 చొప్పున నాలుగు సార్లు ఎస్ఎంఎస్‌లకు పోయింది. నవంబరులో 236 కార్డు రుసుము. ఒకే రోజు 23.60 రెండుసార్లు. మే ఆఖరులో 20. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. ఆగస్టులో పడిన రెండు అంకెలే అర్థం కాలేదు. ఒకటి 90.40, ఆరు రోజుల తర్వాత ఇంకోటి 145.60. దేన్ని 1.18తో భాగించినా గుండు అంకె రాలేదు.

బ్యాలెన్స్ వరుస చూశాక విషయం తెలిసింది. మొదటి కోత పడిన రోజు ఖాతాలో ఉన్నదే 90.40. బ్యాంకు దాన్నంతా తీసుకుని ఖాతాను సున్నా చేసింది. పింఛను పడగానే మిగతాది పట్టుకుంది. రెండూ కలిపితే 236, భాగిస్తే 200. అంటే ఇదీ కార్డు రుసుమే, రెండు విడతల్లో పోయింది. ఖాతాలో డబ్బు చాలనప్పుడు ఛార్జీ ఇలా ముక్కలవుతుంది. కొన్ని బ్యాంకులు అసలును ఒక వరుసలో, పన్నును ఇంకో వరుసలో చూపిస్తాయి. 200, దాని కింద 36. అందుకే లెక్క కుదరని చిన్న మొత్తం కనబడితే ముందూ వెనకా వరుసలు కలిపి చూడాలి.

అయితే ఏడాదిలో కార్డు రుసుము రెండుసార్లు ఎందుకు పడాలి? వివరంలో కార్డు చివరి నాలుగు అంకెలు ఉన్నాయి. నవంబరులోవి ఆమె చేతిలో ఉన్న కార్డువి. ఆగస్టులోవి వేరే. అంతకుముందెప్పుడో పాత కార్డు పని చేయడం లేదంటే శాఖలో కొత్తది ఇచ్చారు. పాతదాన్ని మాత్రం రద్దు చేయలేదు. బీరువాలో పడున్న ఆ కార్డుకు ఏటా రుసుము పడుతూనే ఉంది. రద్దు చేయమని కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. ఆ ఏడాది రుసుము తిరిగి వేశారు.

23.60 రెండుసార్లు ఎందుకు పోయిందో ఆమెకే గుర్తొచ్చింది. పింఛను పడిందనుకుని ఏటీఎంకి వెళ్తే డబ్బు రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. ఖాతాలో సరిపడా లేక లావాదేవీ విఫలమైతే చాలా బ్యాంకులు ఒక్కో ప్రయత్నానికి 20 రూపాయలు, దానిపై పన్ను వేస్తాయి. మెషిన్‌లో నోట్లు అయిపోవడం వల్లో, నెట్‌వర్క్ పోవడం వల్లో విఫలమైతే సంగతి వేరు. వాటిని ఉచిత లావాదేవీల లెక్కలో కలపకూడదని రిజర్వు బ్యాంకు 2019లో స్పష్టం చేసింది. కాబట్టి 23.60 కనబడితే ఆ రోజు ఖాతాలో ఎంత ఉందో చూడాలి. అడిగినదానికంటే ఎక్కువ ఉండి కూడా ఛార్జీ పడితే గట్టిగా అడగొచ్చు. ఉచిత విత్‌డ్రాయల్స్ దాటాక పడే ఛార్జీ దీనికి వేరు. 2025 మే నుంచి దాని గరిష్ఠ పరిమితి 23 రూపాయలు, పన్నుతో 27.14.

ఇక ఆ 20 రూపాయలు. భాగిస్తే గుండుగా రాదు, ఎందుకంటే అది ఛార్జీ కాదు, ప్రధానమంత్రి సురక్ష బీమా ప్రీమియం. వివరంలో PMSBY అని ఉంటుంది. బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే చివరి వారంలో పడుతుంది. అప్పుడే 436 కూడా పోతే అది PMJJBY, జీవన్ జ్యోతి బీమా. ఖాతా తెరిచేటప్పుడో, ఎప్పుడో ఒక ఫారం మీదో సంతకం పెట్టించుకుని ఉంటారు, మనకు గుర్తుండదు. ఇవి ఆపదలో అక్కరకొచ్చేవి, తొందరపడి ఆపించొద్దు. కానీ రెండు బ్యాంకుల్లో ఖాతాలుండి రెండుచోట్లా 20 పోతుంటే ఒకటి ఆపించాలి. ప్రమాదంలో మరణిస్తే వచ్చేది ఎన్ని ఖాతాలున్నా రెండు లక్షలే. రెండో ప్రీమియం వృథా.

ఎస్ఎంఎస్ ఛార్జీ దగ్గర నాకు బ్యాంకుల మీద కోపం వస్తుంది. వాడకాన్ని బట్టే వసూలు చేయాలని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. పింఛను పడినప్పుడూ తీసినప్పుడూ తప్ప మెసేజ్ రాని ఖాతాకు, రోజూ ఇరవై లావాదేవీలు చేసే దుకాణదారు ఖాతాకు ఒకే 17.70 పడుతోందంటే అడగాల్సిన మాటే. ఈ మూడు నెలల్లో ఎన్ని మెసేజ్‌లు పంపారు, ఒక్కోదానికి ఎంత అని రాతపూర్వకంగా అడగండి.

వివరం అర్థం కాకపోవడం మన చదువు లోపం కాదు. పాస్‌బుక్కుల్లో అర్థం కాని రాతలు రాయొద్దని, ఛార్జీ ఏ రకానిదో, ఎందుకు పడిందో క్లుప్తంగా చూపాలని 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఆదేశమిచ్చింది. అందుకే కౌంటర్ దగ్గర “సిస్టమ్ ఆటోమేటిగ్గా తీసుకుందండీ” అంటే అక్కడితో ఆగొద్దు. ఏ ఛార్జీ కింద తీసుకుందో, ఆ బ్యాంకు ఛార్జీల పట్టికలో అది ఎక్కడుందో చూపమనండి. ఆ పట్టిక బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది.

వివరంలో ACH, NACH అని ఉండి పక్కన ఏదో కంపెనీ పేరుంటే అది మనమిచ్చిన అనుమతితో పోతున్న వాయిదానో, ప్రీమియమో, చందానో. యూపీఐ అని ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట చూడండి. అక్కడే రద్దు చేసుకోవచ్చు. ఏ అనుమతీ ఇవ్వకుండా పోయిందని తేలితే, మొత్తం పది రూపాయలే అయినా ఆ రోజే బ్యాంకుకు చెప్పాలి. బయటివాళ్లెవరో చేసిన మోసంలో మన తప్పూ బ్యాంకు తప్పూ లేనప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడదు. ఆలస్యమయ్యే కొద్దీ మన భారం పెరుగుతుంది.

తప్పుగా కోసిన ఛార్జీకి ఇంత తొందర అక్కర్లేదు. తేదీ, మొత్తం, వివరంలో ఉన్న మాట ఉన్నదున్నట్టు రాసి శాఖలోనో ఈమెయిల్‌లోనో ఫిర్యాదు ఇచ్చి, నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా cms.rbi.org.inలో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దానికి రుసుము లేదు.